చేతులు మారే కాగితం

తలసీమియా క్యారియర్ అని తేలిన అమ్మాయికి ల్యాబు ఇచ్చేది అంకెల కాగితం. ఆ అంకెల అర్థం ఇంటి మాటల్లో చెప్పే ఉత్తరం ఒకటి దానికి జతచేయాలి. జెనెటిక్స్ క్లినిక్‌లో కౌన్సెలర్‌గా నేను ఎక్కువగా చేసిన పని అదే. ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట, పంజగుట్టల మధ్య రక్తపరీక్ష చేయించుకోవడం కష్టమేమీ కాదు. వీధి వీధికీ ల్యాబు ఉంది. పంజగుట్టలో నిమ్స్‌కు మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, పక్కనే బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జెనెటిక్స్ సంస్థ ఉంది. ఫలితం ఇంటికి వెళ్లాక ఎవరి చేతుల్లో పడుతుంది, వాళ్లు దాన్నెలా చదువుకుంటారు అన్నదే నన్ను ఇన్నేళ్లూ పట్టి ఉంచిన ప్రశ్న. మన ఎదురుగా కూర్చుని విన్నది ఆ అమ్మాయి. కాగితం చదివేది మాత్రం అత్తగారు, బావగారు, ఊళ్లో ఉన్న నాన్న, ఒక్కోసారి సంబంధాలు చూసే పెద్దమనిషి కూడా. వాళ్లకు విడమరిచి చెప్పడానికి మనం అక్కడ ఉండం. ఉత్తరం ఒక్కటే ఉంటుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం, ఇలాంటి ఉత్తరం అందుకున్న ఇళ్ల కోసం నేర్చుకున్న నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను. చెప్పేదానికి ఆనవాలుగా ఒక ఇల్లు ఉండాలి కాబట్టి, నేను చూసిన అనేక కుటుంబాల కాగితాల్లోంచి కొంత కొంత తీసుకుని ఒక జంటను కల్పించాను. అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు, తొమ్మిదో వారం గర్భిణి. భర్త అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతాడు. అతను ఆమెకు మేనబావ, అంటే అమ్మకు సొంత అన్న కొడుకు. ఎస్.ఆర్. నగర్‌లో రెండు గదుల పోర్షన్. మొదటి కాన్పు.

1. ఉత్తరం పరీక్ష చేయించుకున్న మనిషి పేరు మీదే రాయాలి. మొదటి పేరాలోనే భయం తీరిపోవాలి, చేయాల్సిన పని తెలిసిపోవాలి.

రిపోర్టు మీద 'బీటా తలసీమియా ట్రెయిట్' అని ఉంటుంది. ఇంకో ల్యాబు 'మైనర్' అంటుంది, మరొకటి 'క్యారియర్' అంటుంది. మూడూ ఒకటే. ఆ సంగతి మనం రాయకపోతే, మూడు ల్యాబుల కాగితాలు పెట్టుకుని మూడు జబ్బులున్నాయనుకునేవాళ్లు ఉన్నారు. అందుకే ఆ అమ్మాయికి మొదటి పేరా ఇలా రాస్తాను:

"మీకు జబ్బు లేదు. మీరు బీటా తలసీమియాకు క్యారియర్. మన ఒంట్లో హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారు చేయించే జన్యువు ప్రతి మనిషికీ రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. మీ రెండు ప్రతుల్లో ఒకటి సరిగా పనిచేస్తోంది, రెండోది తక్కువగా పనిచేస్తోంది. ఒకటి బాగుంటే మనిషి ఆరోగ్యానికి సరిపోతుంది. మీరు పుట్టినప్పటి నుంచి ఇలాగే ఉన్నారు, ఇకముందూ ఇలాగే ఉంటారు. ఇది ముదిరి జబ్బుగా మారదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మీ భర్త కూడా క్యారియర్ అయితే మాత్రం పుట్టబోయే బిడ్డ గురించి ఆలోచించాలి. అందుకని ఆయన ఈ వారంలోనే సీబీసీ, హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ అనే రెండు రక్తపరీక్షలు చేయించుకోవాలి."

ఆ చివరి వాక్యం మొదటి పేరాలోనే ఉండాలి. రెండో పేజీలో పెడితే అక్కడిదాకా ఎవరూ చదవరు. మేజర్ తలసీమియా ఎంత పెద్ద జబ్బో, రక్తం ఎలా ఎక్కిస్తారో ఈ మొదటి ఉత్తరంలో నేను రాయను. భర్త ఫలితం రాకముందే అవి చదివితే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అతను క్యారియర్ కాదని తేలితే ఆ భయమంతా దండగ.

2. అంకెల్లో మూడు చాలు.

రిపోర్టులో ఇరవై అంకెలు ఉంటాయి, వాటిలో సగం ఎర్రగా, పక్కన బాణం గుర్తుతో ఉంటాయి. హాస్టళ్లలో ఉండే పిల్లలు ఆ బాణాల్ని ఫొటో తీసి ఇంటికి పంపుతారు. అటు నుంచి ఏడుపులు మొదలవుతాయి. మన అమ్మాయి కాగితంలో హిమోగ్లోబిన్ 10.4, ఎర్రకణాల లెక్క 56 లక్షలు, కణం పరిమాణం చెప్పే ఎంసీవీ 62, హిమోగ్లోబిన్ ఏ2 అనేది 5.2 శాతం. ఇందులో నేను ఉత్తరంలో రాసేవి మూడు. కణాలు చిన్నవి (ఎంసీవీ మామూలుగా 80 పైన ఉండాలి), కణాల లెక్క మాత్రం తగ్గలేదు, ఏ2 పెరిగింది (3.5 దాటితే క్యారియర్ అని అనుమానిస్తాం, 4 దాటితే దాదాపు ఖాయం). చిన్న కణాలు ఎక్కువ సంఖ్యలో ఉండటం క్యారియర్ రక్తం తీరు. ఐరన్ లోపంలో కణాలు చిన్నవవుతాయి గాని లెక్క సాధారణంగా పెరగదు.

ఇక్కడే ఐరన్ సంగతి ఒకటి చెప్పాలి. ఇలాంటి అమ్మాయిల్లో చాలామంది హైస్కూలు రోజుల నుంచి 'రక్తం తక్కువ' అని ఐరన్ మాత్రలు మింగుతూ ఉంటారు. మాత్రలు వాడినా అంకె కదలదు, ఇంట్లో వాళ్లు 'సరిగ్గా తినదు' అని తిడుతుంటారు. ఆ అంకె ఎందుకు కదల్లేదో ఇప్పుడు తెలిసిందని ఉత్తరంలో ఒక వాక్యం రాస్తే ఆ అమ్మాయి మీద ఉన్న నింద పోతుంది. అయితే క్యారియర్లకు ఐరన్ పనికిరాదని రాస్తే అదీ తప్పే. గర్భిణికి క్యారియర్ గుణంతో పాటు ఐరన్ లోపం కూడా ఉండొచ్చు. నేను రాసేది ఇది: "ఐరన్ వేసుకోవాలో వద్దో ఫెర్రిటిన్ పరీక్ష చెబుతుంది. అది తక్కువగా ఉంటే అందరిలాగే వేసుకోండి. తగినంత ఉంటే హిమోగ్లోబిన్ 10 దగ్గర ఉందని మాత్రం ఏళ్ల తరబడి ఐరన్ వాడకండి."

3. 'నార్మల్' అన్న మాటను మన చేత్తో రాసే ముందు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈ పాఠం మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బిడ్డలకు నష్టం జరిగేది ఇక్కడే. మన ఉదాహరణలోని భర్త చెప్పిన వారంలోనే పరీక్ష చేయించుకున్నాడు. హెచ్‌పీఎల్‌సీ కాగితం అడుగున ల్యాబు ముద్రించిన మాట: అసాధారణ హిమోగ్లోబిన్ ఏదీ కనబడలేదు, ఏ2 3.4 శాతం, పరిమితి లోపలే ఉంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అత్తగారు బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్లొచ్చింది. అబ్బాయి ఆ ఒక్క కాగితం ఫొటో పంపి, "ఇక రానక్కర్లేదు కదండీ?" అని అడిగాడు.

సీబీసీ కూడా పంపమన్నాను. హిమోగ్లోబిన్ 12.6, ఎర్రకణాలు 60 లక్షలు, ఎంసీవీ 69, ఎంసీహెచ్ 21. మగవాడికి 12.6 తక్కువే. కణాలు ఇంత చిన్నగా ఉన్నాయి, లెక్క మాత్రం అరవై లక్షలు. ఐరన్ లోపం ఒక్కటే అయితే లెక్క ఇంత ఉండదు. ఫెర్రిటిన్ చేయిస్తే 6 వచ్చింది, అంటే ఐరన్ బాగా తక్కువ. హాస్టల్ మెస్సుల్లో పెరిగిన అబ్బాయి, మొలల వ్యాధితో ఎప్పటి నుంచో రక్తం పోతోంది, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

ఐరన్ బాగా తగ్గినప్పుడు ఏ2 కూడా కిందికి దిగుతుంది. క్యారియర్ అయిన మనిషి ఏ2 మామూలు పరిమితిలోకి జారి దాక్కునే అవకాశం అక్కడ ఉంది. ఐరన్ లోపం లేకపోయినా ఏ2ను పెద్దగా పెంచని మార్పులు కొన్ని ఉన్నాయి. బీ12 లోపం దీనికి ఎదురుగా ఏ2ను కాస్త పెంచి చూపగలదు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్న మనిషి రిపోర్టులో దాత రక్తం కూడా కలిసి ఉంటుంది, దాన్ని నమ్మడానికి లేదు. అందుకే హెచ్‌పీఎల్‌సీ ఒక్కటే చూసి ఎవరినీ ఇంటికి పంపకూడదు. సీబీసీ, ఏ2, ఫెర్రిటిన్ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. కణాలు చిన్నగా ఉండి, ఏ2 3.5కు అటూ ఇటూ ఊగుతుంటే 'నార్మల్' అన్న మాట రాయకూడదు.

తీరిక ఉన్న మనిషి అయితే మూడు నెలలు ఐరన్ వాడి మళ్లీ పరీక్ష చేయించుకోమంటాం. భార్యకు తొమ్మిదో వారం. మూడు నెలలు ఆగితే ఇరవై రెండో వారం వస్తుంది. అందుకని ఆ అబ్బాయి రక్తాన్ని నేరుగా హెచ్‌బీబీ జన్యువు పరీక్షకు పంపాలి, భార్య రక్తం కూడా అదే రోజు వెళ్లాలి. ఈ మలుపులో రాసిన ఉత్తరం ఇదీ:

"మీ హెచ్‌పీఎల్‌సీ కాగితంలో క్యారియర్ అని లేదు. అయినా మీరు క్యారియర్ కాదని మేం ఇంకా చెప్పలేం. మీ ఎర్రకణాలు చిన్నగా ఉన్నాయి, మీకు ఐరన్ లోపం ఉంది, ఐరన్ లోపం ఈ పరీక్షను తప్పుదారి పట్టించగలదు. ఖాయంగా తెలియాలంటే జన్యు పరీక్ష చేయాలి. గర్భం వారాలు గడుస్తున్నాయి కాబట్టి ఈ రెండు రోజుల్లో రక్తం ఇవ్వండి. ఐరన్ లోపానికి, దానికి కారణమైన రక్తస్రావానికి వేరే వైద్యం కావాలి, అది ఆలస్యం చేయకండి."

తెలియనిదాన్ని తెలియదని రాయడానికి కొత్తవాళ్లు జంకుతారు, కుటుంబం కంగారుపడుతుందేమోనని. తెలియదని రాసి, ఎప్పటికి తెలుస్తుందో, దానికి ఏం చేయాలో కూడా రాస్తే కంగారు తక్కువే పడతారు. అనుమానం మన దగ్గర ఉంచుకుని అంతా బాగుందని రాస్తే, ఆ ఇంటి వాళ్లు మళ్లీ మన గుమ్మం తొక్కేది బిడ్డకు ఎనిమిదో నెలలో పాలిపోయిన ముఖంతోనే.

4. తేదీలు వారాల్లో కాకుండా క్యాలెండర్‌లో రాయాలి.

గర్భంలో బిడ్డను పరీక్షించాలంటే, ముందు తల్లిదండ్రులిద్దరిలో ఉన్న మార్పు ఏదో విడివిడిగా తెలియాలి. ఏం వెతకాలో తెలియకుండా బిడ్డ నమూనా తీసి ప్రయోజనం లేదు. మన దేశంలో కనబడే బీటా తలసీమియా మార్పుల్లో అయిదే అత్యధిక భాగం, వాటిలో ఐవీఎస్ 1-5 అనేది అన్నిటికన్నా ఎక్కువ. అందువల్ల చాలామందిలో జవాబు త్వరగానే దొరుకుతుంది. ఆ అయిదింటిలో లేకపోతే జన్యువు మొత్తం చదవాలి, ఇంకొన్ని రోజులు పడతాయి. ఆ తర్వాత 11 నుంచి 14 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు. ఆ గడువు దాటితే 16వ వారం ప్రాంతంలో ఉమ్మనీరు తీసి చేస్తారు. రెండింటిలోనూ గర్భస్రావం ప్రమాదం కొద్దిగా ఉంది, అనుభవం ఉన్న చేతుల్లో వందకు ఒకటి లేదా అంతకన్నా తక్కువ. బిడ్డ నమూనాతో పాటు తల్లి రక్తం కూడా పంపాలి. మావి ముక్కలో తల్లి కణాలు కలిసిపోతే, తల్లి జవాబే బిడ్డ జవాబుగా వచ్చే ప్రమాదం ఉంది. మంచి ల్యాబు ఆ కలయిక లేదని తన రిపోర్టులో రాస్తుంది. ఆ వాక్యం ఉందో లేదో చూడాలి.

'పదకొండో వారంలో రండి' అని రాస్తే ఇంట్లో వాళ్లు తమ లెక్కన నెలలు వేసుకుంటారు, నెల అంటే నాలుగు వారాలా, ముప్పై రోజులా అన్న తేడాలోనే గడువు జారిపోతుంది. ఫలానా తేదీలోగా రక్తం, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ మధ్య మావి పరీక్ష అని స్కానింగ్ ప్రకారం లెక్కగట్టి రాయాలి.

5. 'నాలుగింట ఒకటి' అని రాసి వదిలేయకూడదు.

మన జంటలో ఇద్దరికీ ఐవీఎస్ 1-5 వచ్చింది. ఇద్దరూ క్యారియర్లే. ఇప్పుడు రాసేది మూడో ఉత్తరం. ఇందులో ప్రతి కాన్పుకూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, క్యారియర్ అయ్యే అవకాశం నాలుగింట రెండు, ఏదీ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి అని చెప్పాలి. ఈ మాటను మనవాళ్లు రెండు రకాలుగా తప్పుగా అర్థం చేసుకుంటారు. నలుగురు పిల్లలు పుడితే ఒకరికి వస్తుంది, మేం ఇద్దరితో ఆపేస్తాం కాబట్టి పర్వాలేదని కొందరు. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురూ క్షేమమని ఇంకొందరు. రెండో రకం లెక్కతో ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రక్తం ఎక్కించే పరిస్థితి తెచ్చుకున్న తల్లిదండ్రులు ఉన్నారు.

నేను క్లినిక్‌లో రెండు రూపాయి బిళ్ళలు బల్ల మీద పెట్టి, ఒకటి ఆమె చేతికి, ఒకటి అతని చేతికి ఇచ్చేదాన్ని. బొమ్మ అంటే పనిచేసే ప్రతి, బొరుసు అంటే సరిగా పనిచేయనిది. ఇద్దరూ ఒకేసారి ఎగరేయాలి. రెండూ బొరుసు పడితే మేజర్. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు అయితే వాళ్లలాంటి క్యారియర్. ఒకసారి రెండు బొరుసులు పడ్డాక మళ్లీ ఎగరేయమంటాను. ఇందాక ఏం పడిందో బిళ్ళకు గుర్తుండదని అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది. ఉత్తరంలో కూడా ఈ ఆటను నాలుగు వాక్యాల్లో రాసి, ఇంటి దగ్గర పెద్దవాళ్లతో ఆడి చూడమంటాను. ఒక్కరే క్యారియర్ అయిన జంటకు రాసే ఉత్తరంలో మాత్రం ఇదంతా అక్కర్లేదు. బిడ్డకు బీటా తలసీమియా మేజర్ రాదు, క్యారియర్ అయ్యే అవకాశం సగం, అంతే. అయితే రెండో వ్యక్తి రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ గాని, హిమోగ్లోబిన్ ఈ గాని లేదని చూసుకున్నాకే ఆ మాట రాయాలి. తలసీమియా క్యారియర్, సికిల్ క్యారియర్ కలిసిన ఇంట్లో బిడ్డకు తీవ్రమైన జబ్బు రావచ్చు. మన రెండు రాష్ట్రాల్లో ఆదివాసీ ప్రాంతాల కుటుంబాలకు రాసేటప్పుడు ఇది ముఖ్యం.

6. ఎవరి వైపు నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు అడగకముందే రాసి ఉంచాలి.

ఉత్తరం ఇల్లు చేరాక మొదట వచ్చే ప్రశ్న ఇదే, అది పడేది ఎప్పుడూ కోడలి మీదే. కోడలికి ముందు పరీక్ష చేస్తాం కాబట్టి ముందు ఆమె కాగితమే బయటికొస్తుంది, దాంతో లోపం ఆమెదే అన్నట్టు అయిపోతుంది. అందుకని ఉత్తరంలో స్పష్టంగా రాస్తాను: "మేజర్ ఉన్న బిడ్డ పుట్టాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ రావాలి. ఒక్కరి వల్ల రాదు. ఆడవాళ్లు, మగవాళ్లు సమానంగా క్యారియర్లు అవుతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎవరూ తెచ్చుకున్నదీ కాదు."

మేనరికం సంగతి కూడా తిట్టకుండా, దాచకుండా రాయాలి. మన అమ్మాయికి ఈ మార్పు తన అమ్మ నుంచి వచ్చిందనుకుందాం. అప్పుడు అమ్మకు అన్న, అంటే ఆమె మామగారు, క్యారియర్ అయ్యే అవకాశం సగం. ఆయన కొడుక్కి వచ్చే అవకాశం అందులో సగం, నాలుగింట ఒకటి. నాన్న నుంచి వచ్చి ఉంటే మేనబావకు బయటివాళ్లకు ఉన్నంత అవకాశమే. ఎవరి నుంచి వచ్చిందో తెలియనప్పుడు సుమారు ఎనిమిదింట ఒకటి. మేనమామనే చేసుకున్న అమ్మాయి విషయంలో అది నాలుగింట ఒకటి. మన దేశంలో సగటున ప్రతి వంద మందిలో ముగ్గురు నలుగురు బీటా తలసీమియా క్యారియర్లు. దీని పక్కన పెట్టి చూస్తే మేనరికంలో అవకాశం ఎంత పెరుగుతుందో తెలుస్తుంది.

అలాగని మేనరికం కాని వాళ్లు ధీమాగా ఉండటానికి లేదు. ఒకే కులంలో తరతరాలుగా పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన సమూహాల మీద సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. దక్షిణాసియాలో చూసిన 263 సమూహాల్లో 81 చోట్ల, కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన ఛాయ ఫిన్లాండ్ వాళ్లలో కన్నా, అష్కెనాజీ యూదుల్లో కన్నా బలంగా ఉందని అందులో తేలింది. మనం చుట్టాలం కాము అనుకునే ఇద్దరికి ఎక్కడో ఒకే తాత ఉండొచ్చు. అందుకే నేను ఈ భిన్నాల లెక్కల్ని ఉత్తరంలో ఒక్క వాక్యానికి కుదించి, తర్వాతి వాక్యంలో పరీక్ష చేయించుకోమని రాస్తాను. ఒక్క గొట్టం రక్తంతో తెలిసేదాన్ని ఊహించి కూర్చోనక్కర్లేదు.

7. నిర్ణయం వాళ్లది. నిర్ణయించుకోవడానికి కావలసినదంతా ఇవ్వడం మనది.

మేజర్ గురించి రాయాల్సింది ఈ మూడో ఉత్తరంలోనే. రాస్తే పూర్తిగా రాయాలి. బిడ్డ పుట్టినప్పుడు మామూలుగానే ఉంటుంది. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య పాలిపోవడం, ఎదుగుదల ఆగడం మొదలవుతుంది. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఐరన్ గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా రోజూ మందు వాడాలి. సరిగ్గా వైద్యం అందిన పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. తోబుట్టువుల్లో సరిపోయే దాత ఉంటే ఎముక మజ్జ మార్పిడితో నయం కావచ్చు, ఒక్కో తోబుట్టువు సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. హైదరాబాద్ శివరాంపల్లిలో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఈ పిల్లల కోసం పనిచేస్తోంది. నిర్ణయానికి ముందు అక్కడికి వెళ్లి, ఈ జబ్బుతో పెరుగుతున్న పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడి రావచ్చని జంటకు చెబుతాను. చీకటి ఒక్కటే చూపించి, లేదా వెలుగు ఒక్కటే చూపించి రాసిన ఉత్తరం వాళ్ల తరఫున మనమే నిర్ణయం తీసేసుకున్నట్టు అవుతుంది.

దారులు ఏమేం ఉన్నాయో వరసగా చెప్పాలి: బిడ్డను పరీక్షించకుండా కాన్పు దాకా వెళ్లి, పుట్టాక పరీక్షించుకోవడం. లేదా మావి పరీక్ష చేయించుకుని, మేజర్ అని తేలితే గర్భం కొనసాగించడం, లేదా ఆపడం. చట్టం ఏం చెబుతోందో కూడా రెండు ముక్కల్లో రాయాలి. 2021లో సవరించిన చట్టం ప్రకారం ఇరవై వారాల వరకు గర్భం ఆపడానికి ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. ఆ తర్వాత షరతులు పెరుగుతాయి. 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం ఈ జబ్బుల కోసం గర్భస్థ పరీక్షను అనుమతిస్తుంది. పరీక్షకు ముందు ఆమెకు ప్రమాదాలు వివరించి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక అంగీకారం తీసుకుని, ప్రతి ఒకటి ఆమెకు ఇవ్వాలని కూడా ఆ చట్టమే అంటోంది. కాబట్టి ఇంగ్లీషు ఫారం ముందు పెట్టి సంతకం చేయమంటే తెలుగులో అడిగే హక్కు ఆమెకు ఉంది, అది ఉత్తరంలో ఉండాలి. ఆడా మగా అన్నది ఈ పరీక్షలో ఎవరికీ చెప్పరని కూడా రాసేయాలి. రాయకపోతే ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు, ఆ అమ్మాయి ఇరుకున పడుతుంది.

అంగీకారం ఆమెది. భర్త, అత్తమామలు కలిసి మాట్లాడుకోవచ్చు, మాట్లాడుకోవాలి కూడా. సంతకం మాత్రం ఆమెదే. ఈ ఉత్తరం ఇచ్చేటప్పుడు ఆమెతో పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించండి. మన పెద్దవాళ్లు 'మేం వినకూడని మాటలా?' అని నొచ్చుకుంటారు. గౌరవంగా, "అత్తయ్యగారూ, తర్వాత మీకూ అన్నీ చెబుతాను" అని ఒప్పించి బయట కూర్చోబెట్టాలి.

8. చుట్టాలకు వేరే చీటీ ఇవ్వాలి, అందులో ఎవరి పేరూ ఉండకూడదు.

అమ్మాయి ఉత్తరాన్ని చుట్టాలందరికీ ఫోన్లో పంపిస్తే ఆమె గర్భం, ఆమె నిర్ణయం, భర్త మొలల వ్యాధి, అన్నీ ఊరంతా చదువుతారు. అలాగని చెప్పకుండా ఉంటే, పెళ్లీడుకొచ్చిన మరిదికి, ఆమె పెద్ద చెల్లెలికి అందాల్సిన కబురు అందదు. క్యారియర్ తోబుట్టువు కూడా క్యారియర్ అయ్యే అవకాశం కనీసం సగం. అందుకని అరపేజీ చీటీ ఒకటి వేరుగా రాసిస్తాను, ఎవరికివ్వాలో వాళ్లిద్దరే ఎంచుకుంటారు:

"మీ దగ్గరి బంధువుల్లో ఒకరికి బీటా తలసీమియా క్యారియర్ అని తేలింది. ఇది జబ్బు కాదు. మీరూ క్యారియర్ అయి ఉండవచ్చు, దాన్నిబట్టి మీ పిల్లల విషయంలో జాగ్రత్త పడవచ్చు. పెళ్లికి ముందు, లేదా గర్భం దాల్చకముందు సీబీసీ, హెచ్‌పీఎల్‌సీ రెండూ కలిపి చేయించుకోండి. మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే ల్యాబులో ముందే చెప్పండి. రిపోర్టులో ఎంసీవీ 80 కన్నా, లేదా ఎంసీహెచ్ 27 కన్నా తక్కువ ఉంటే, అడుగున నార్మల్ అని ముద్రించి ఉన్నా సరే, రెండు కాగితాలూ జెనెటిక్స్ క్లినిక్‌లో చూపించండి. ఇప్పటికే గర్భిణి అయితే భార్యాభర్తలిద్దరూ ఈ వారంలోనే చేయించుకోండి."

చిన్నపిల్లల పేర్లు ఆ జాబితాలో వద్దని చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న పదేళ్ల పాపకు క్యారియరో కాదో ఇప్పుడు తెలిసి చేసేది ఏమీ లేదు. పెద్దయ్యాక అడిగి తెలుసుకునే హక్కు ఆ పాపదే. ఇరవై రెండేళ్ల చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారంటే మాత్రం చీటీ మొదట వెళ్లాల్సింది ఆమె చేతికి. తల్లిదండ్రుల చేతికి ఇస్తే పెళ్లయ్యేదాకా బీరువాలో ఉండిపోతుంది, అది చూశాను. ఆమె పరీక్ష చేయించుకుని క్యారియర్ అని తేలితే, ఆ మాట కాబోయేవాడికి ఎలా చెప్పాలో ఆమెకు ఇంకో ఉత్తరం రాసివ్వాలి. ఆ ఉత్తరం ఆమె పేరు మీద ఉంటుంది, మొదటి వాక్యం 'మీకు జబ్బు లేదు' అనే ఉంటుంది, రెండో పేరాలో అతనూ అవే రెండు పరీక్షలు చేయించుకోవాలని ఉంటుంది.